ఓపీలో ఎదురుచూపుల లెక్క: గంటలవారీ నివేదికలో సగటు చెప్పేది ఒకటి, అత్యధికం చెప్పేది మరొకటి

కోస్తా ఆంధ్రలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీ కోసం చేసిన పని ఇది. అడ్మినిస్ట్రేటర్ మేడమ్ ఒక్క పేజీ నివేదిక అడిగారు. ఏ గంటకు వచ్చినవాళ్లు డాక్టరు కోసం సగటున ఎంతసేపు కూర్చుంటున్నారు, అందరికన్నా ఎక్కువసేపు కూర్చున్నవాళ్లు ఎంతసేపు కూర్చున్నారు. "ఎక్కడ ఒక డాక్టర్ని పెంచాలో దాన్ని చూసి తేల్చుకుంటాను" అన్నారు. ఆసుపత్రి ఏదో తెలియకూడదని ఇక్కడ ఇచ్చే అంకెలను కొద్దిగా మార్చాను. వాటి ఎక్కువ తక్కువలు మాత్రం అసలు లెక్కలో ఉన్నట్టే ఉంచాను.

వినడానికి పది నిమిషాల పని. ఓపీ చీటీ కొట్టిన సమయం కంప్యూటర్లో ఉంది, డాక్టరు గదిలోకి పిలిచిన సమయం కూడా ఉంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఎదురుచూపు వస్తుంది. మొదటిసారి అలా తీసి చూస్తే ఎనిమిది గంటల వరుసలో అత్యధికం 312 నిమిషాలని వచ్చింది. అంటే ఉదయం ఎనిమిదికి చీటీ తీసుకున్న మనిషి మధ్యాహ్నం ఒంటిగంట దాటేదాకా కూర్చున్నట్టు. అదే కాగితం మేడమ్ బల్ల మీదికి వెళ్లి ఉంటే ఓపీ సిస్టర్‌కి ఆ రోజు మెమో వచ్చేది.

ఆ టోకెన్ వెనక్కి వెళ్లి చూశాం. ఆయన షుగర్ పేషెంటు. 8:08కి చీటీ తీసుకున్నారు. డాక్టరు 9:50కి చూసి ఫాస్టింగ్, పోస్ట్ లంచ్ పరీక్షలు రాశారు. పరగడుపున రక్తం ఇచ్చి, టిఫిన్ చేసి, తిన్న రెండు గంటలకు మళ్లీ రక్తం ఇచ్చి, రిపోర్టు పట్టుకుని వచ్చేసరికి 1:20 అయింది. డాక్టరు అదే విజిట్‌ని స్క్రీన్ మీద మళ్లీ తెరిచారు. సాఫ్ట్‌వేర్ "కన్సల్టేషన్ మొదలు" అన్న గడిలో పాత సమయాన్ని చెరిపి కొత్తది రాసేసింది. 8:08 నుంచి 1:20 దాకా 312 నిమిషాలు. నిజానికి ఆయన డాక్టరు కోసం కూర్చున్నది 102 నిమిషాలే.

జనరల్ మెడిసిన్ ఓపీలో రిపోర్టులు చూపించుకోవడానికి అదే రోజు తిరిగొచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి ఇది ఒక్క టోకెన్‌తో పోయే సంగతి కాదు. అదృష్టం కొద్దీ ఆ సాఫ్ట్‌వేర్ విజిట్ టేబుల్‌లో సమయాన్ని చెరిపినా, ప్రతి పిలుపునూ విడిగా ఒక లాగ్‌లో రాసి పెడుతోంది. అందులోంచి మొదటి పిలుపును తీసుకుంటే చాలు. పోస్ట్‌గ్రెస్‌లో అది ఇలా ఉంటుంది.

```sql
WITH v AS (
  SELECT r.visit_id, r.reg_time,
         MIN(e.event_time) AS first_call
  FROM op_reg r
  LEFT JOIN op_event e
    ON e.visit_id = r.visit_id
   AND e.event_type = 'CALL'
  GROUP BY r.visit_id, r.reg_time
)
SELECT EXTRACT(HOUR FROM reg_time) AS hr,
  COUNT(*) AS came,
  COUNT(first_call) AS seen,
  ROUND(AVG(EXTRACT(EPOCH FROM first_call - reg_time)) / 60) AS avg_min,
  ROUND(MAX(EXTRACT(EPOCH FROM first_call - reg_time)) / 60) AS max_min
FROM v
GROUP BY hr
ORDER BY hr;
```

ఇందులో `LEFT JOIN` ఊరికే పెట్టింది కాదు. చీటీ తీసుకుని, విసిగి, డాక్టర్ని చూడకుండా వెళ్లిపోయినవాళ్లకు పిలుపు ఉండదు. మామూలు `JOIN` పెడితే వాళ్లు లెక్కలోంచే మాయమవుతారు. ఇలా పెడితే కనీసం `came`, `seen` మధ్య తేడాగా కనిపిస్తారు. `AVG` ఖాళీ విలువలను ఎలాగూ వదిలేస్తుంది కాబట్టి సగటులో వాళ్లు ఉండరు. ఆ ఖాళీల్లో సున్నా నింపితే ఇంకా అన్యాయం, ఎక్కువసేపు కూర్చుని వెళ్లిపోయినవాళ్లు సగటును తగ్గించినట్టవుతుంది. వాళ్లు ఎప్పుడు లేచి వెళ్లారో ఎవరికీ తెలియదు, కాబట్టి వాళ్ల ఎదురుచూపుకు అంకె లేదు. నివేదికలో "చూపించుకోకుండా వెళ్లినవారు" అని ఒక నిలువు వరుస పెట్టి వదిలేశాను. సగటు తగ్గిన నెలలో ఆ వరుస పెరిగితే సంతోషించాల్సిన పని లేదు.

పై క్వెరీలో ఇంకో నిర్ణయం దాగి ఉంది. గంటను చీటీ తీసుకున్న సమయాన్ని బట్టి తీశాను, పిలిచిన సమయాన్ని బట్టి కాదు. దీని మీద మేడమ్‌కీ నాకూ కాస్త వాదన జరిగింది. "పన్నెండింటికి హాలు నిండా జనం ఉంటారు. మీ కాగితంలో పన్నెండు గంటల వరుస చూస్తే ఏమీ లేనట్టుంది" అన్నారు. ఆవిడకు చూపించడానికి చేతితో ఒక చిన్న నమూనా లెక్క వేశాను. అది ఇక్కడ కూడా పనికొస్తుంది.

నలుగురు డాక్టర్లు, ఒక్కో పేషెంటుకు ఆరు నిమిషాలు. అంటే సగటున నిమిషంన్నరకు ఒకరిని లోపలికి పిలుస్తారు, గంటకు 40 మంది. కౌంటర్ ఎనిమిదికి తెరుస్తారు. డాక్టర్లు వార్డు రౌండ్లు ముగించుకుని 9:30కి కూర్చుంటారు. వచ్చిన వరుసలోనే పిలుస్తారు. ఏ గంటలో వచ్చినవాళ్లయినా ఆ గంటంతా సమానంగా వస్తారనుకుందాం. అప్పుడు వచ్చిన గంటను బట్టి ఎదురుచూపు, నిమిషాల్లో, ఇలా ఉంటుంది.

| వచ్చిన గంట | వచ్చినవారు | సగటు | అత్యధికం |
|---|---|---|---|
| 8–9 | 50 | 97 | 105 |
| 9–10 | 40 | 105 | 105 |
| 10–11 | 25 | 94 | 105 |
| 11–12 | 12 | 63 | 83 |
| 12–1 | 5 | 20 | 41 |

ఇదే 132 మందిని పిలిచిన గంటను బట్టి పేర్చితే, పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య పిలిచిన 32 మంది సగటు 69 నిమిషాలు వస్తుంది. మేడమ్‌కి హాల్లో కనిపించే జనం వీళ్లే. కానీ వీళ్లలో 27 మంది పదీ ఇరవై నుంచి పన్నెండు లోపు వచ్చి కూర్చున్నవాళ్లు. నిజంగా పన్నెండు దాటాక వచ్చినవాళ్లు అయిదుగురు, వాళ్లు కూర్చున్నది సగటున 20 నిమిషాలు. "ఏ టైముకి రమ్మంటారు?" అని ఫోన్ చేసే పేషెంటుకు జవాబు కావాలంటే వచ్చిన గంటను బట్టే లెక్క ఉండాలి. హాల్లో ఎన్ని కుర్చీలు వేయాలో తేల్చాలంటే అది వేరే నివేదిక. రెండూ ఒకే పట్టికలో కలిపితే ఏ ప్రశ్నకూ జవాబు దొరకదు.

ఈ పట్టికలో నాకు ముఖ్యమనిపించింది పదకొండు గంటల వరుస. ఆ గంటలో వచ్చింది పన్నెండు మందే, డాక్టర్లు గంటకు 40 మందిని చూడగలరు. అయినా వాళ్లు గంటకు పైగా కూర్చోవాల్సి వచ్చింది. కారణం పదకొండు గంటల్లో లేదు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా డాక్టర్లు లేనప్పుడు పేరుకున్న వరుస అప్పటికింకా తరగలేదు, అంతే. డాక్టర్లు 9:30కి బదులు 9:00కి కూర్చుంటే పదకొండున్నరకు వచ్చినవాడికి కూడా దాదాపు అరగంట తగ్గుతుంది. సగటు ఎక్కువగా ఉన్న గంటను చూసి అక్కడ ఒక డాక్టర్ని వేస్తే, పేరుకున్నదాన్ని ఆలస్యంగా ఊడ్చినట్టవుతుంది. సగటు వరుసను చదివేటప్పుడు ఎత్తుగా ఉన్న గంటను కాదు, దానికి ముందు ఎన్ని గంటల నుంచి పెరుగుతూ వచ్చిందో చూడాలి.

పట్టిక అడుగున "మొత్తం సగటు" వేసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. పై అయిదు సగటులను కూడి అయిదుతో భాగిస్తే 76 వస్తుంది. కానీ ఎనిమిదింటికి 50 మంది, పన్నెండింటికి అయిదుగురు. ఎంతమంది వచ్చారో దాన్ని బట్టి లెక్కిస్తే 93 నిమిషాలు. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుస కింద `AVERAGE` అని కొడితే మొదటిదే వస్తుంది. ఆసుపత్రి నివేదికల్లో నేను అన్నింటికన్నా ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

ఇక అత్యధికం సంగతి. నమూనా లెక్కలో పది గంటల వరుసకు సగటు 94, అత్యధికం 105. ఆసుపత్రి అసలు డేటాలో అదే వరుసకు సగటు 101 వచ్చింది, నమూనాకు దగ్గరగానే ఉంది. అత్యధికం మాత్రం 164. మొదటి పిలుపునే తీసుకున్నాక వచ్చిన అంకె ఇది. ఎనిమిది గంటల వరుసలో తేడా అంతగా లేదు.

వరుసలో కూర్చున్న పదిమందిలో పదో మనిషిని ముందుకు పిలిచారనుకోండి. ఆయనకు తొమ్మిది వంతులు కలిసొస్తాయి. మిగతా తొమ్మిది మందికి ఒక్కో వంతు పోతుంది. మొత్తం ఎదురుచూపు అంతే, సగటు కదలదు. కానీ చివర మిగిలిన మనిషి ఒక వంతు ఎక్కువ కూర్చున్నాడు. ఇలా పొద్దుటి నుంచి పదిసార్లు జరిగితే ఆ భారమంతా వరుసలో ఎక్కడో కొందరి మీద పడుతుంది. సిఫార్సుతో వచ్చినవాళ్లయినా, ముందుకు పంపక తప్పని గర్భిణులూ వృద్ధులూ అయినా సగటుకు తెలియదు, అత్యధికానికి తెలుస్తుంది. రిపోర్టులు పట్టుకుని తిరిగొచ్చేవాళ్ల దారి వేరు. వాళ్లకు కొత్త చీటీ ఉండదు, మన లెక్కలో మళ్లీ పేషెంటుగా రారు, కానీ డాక్టరు సమయం తీసుకుంటారు. వాళ్లు పెరిగితే సగటూ అత్యధికమూ రెండూ పెరుగుతాయి. కాబట్టి సగటు నిలకడగా ఉండి అత్యధికం మాత్రమే పైకి పోతే పిలిచే వరుసను చూడాలి. రెండూ కలిసి పెరిగితే డాక్టరు సమయం ఎటు పోతోందో చూడాలి. మేడమ్ ఆ రెండు అంకెలూ అడగడం అందుకే మంచిదయింది, ఆవిడ అడిగిన కారణం వేరైనా.

అయితే నెల మొత్తానికి `MAX` తీసిన అంకెతో ఈ పని జరగదు. అది ఒక్క మనిషి అంకె. నెలలో ఏ ఒక్క రోజు ఏ ఒక్క పొరపాటు జరిగినా అదే పైకి తేలుతుంది. పైగా ఎన్ని ఎక్కువ రోజులు కలిపితే అత్యధికం అంత పెద్దది అవుతుందే తప్ప తగ్గదు. వారం నివేదికను నెల నివేదికతో పోల్చి "ఈ వారం బాగుంది" అనుకోవడం అలా వస్తుంది. అందుకని ప్రతి రోజుకూ ప్రతి గంటకూ విడిగా అత్యధికం తీసి, ఆ రోజుల అంకెలను పేర్చి, మధ్యలో ఉన్న దాన్ని నివేదికలో పెట్టాం. "మామూలు రోజున అందరికన్నా ఎక్కువసేపు కూర్చున్న మనిషి" అని దాని తలకట్టు. పైన చెప్పిన 164 అలా వచ్చినదే. నెల మొత్తంలో అత్యధికాన్ని కూడా తీసేయలేదు, కానీ దాని పక్కన టోకెన్ నంబరూ తేదీ, కారణం రాసే ఖాళీ పెట్టాం. ఓపీ సిస్టర్ ఆ ఖాళీ నింపాకే కాగితం పైకి వెళుతుంది.

ఆ ఖాళీలు నింపుతుంటే ఇంకో సంగతి బయటపడింది. ఒక గదిలో మధ్యాహ్నం 1:45కి అయిదారు సెకన్ల తేడాతో ఎనిమిది పిలుపులు నమోదై ఉన్నాయి. డాక్టరు గారు కాగితం చీటీలతో పేషెంట్లను చూసుకుంటూ పోయి, భోజనానికి లేచే ముందు స్క్రీన్ మీద అందరినీ ఒకేసారి నొక్కేస్తున్నారు. పేషెంట్లు ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయారు, కంప్యూటర్‌కి మాత్రం వాళ్లింకా కుర్చీల్లోనే ఉన్నారు. దీన్ని పట్టుకోవడం తేలిక. ఒకే గదిలో రెండు పిలుపుల మధ్య అర నిమిషం కూడా లేకపోతే ఆ జత అనుమానించాల్సిందే, ఎందుకంటే ఒక మనిషి లేచి తలుపు దాకా రావడానికే అంత పడుతుంది. అలాంటి పిలుపులను సగటులోంచి తీసేసి, ఎన్ని తీశామో పట్టిక కింద రాశాం. ఒక గదిలో ఆ సంఖ్య బాగా ఎక్కువైతే ఆ గది అంకెలే ఇవ్వం. డాక్టరు మీద ఫిర్యాదులా వెళ్లకుండా "ఈ గది నమోదు సరిపోలేదు" అని మాత్రమే రాస్తాం. లేకపోతే వచ్చే నెల నుంచి ఆయన కంప్యూటరే తెరవరు.

కంప్యూటర్ చెప్పేది నిజమా కాదా తేల్చుకోవడానికి హాల్లో కూర్చుని చూడటం కన్నా మంచి దారి లేదు. గుమ్మం దగ్గర అటెండర్ టోకెన్ నంబరు పిలవగానే కాగితం మీద గడియారం సమయం రాసుకుని, సాయంత్రం లాగ్‌తో పోల్చాలి. ఇరవై టోకెన్లు చాలు. మంచి గదుల్లో తేడా రెండు మూడు నిమిషాలకు మించి రాలేదు. అది కూడా ఎప్పుడూ ఒకే వైపు, అటెండర్ పిలిచాక డాక్టరు స్క్రీన్ తెరుస్తారు కాబట్టి. ఆ తేడాను సరిదిద్దలేదు, అన్ని గంటలకూ ఒకేలా ఉంది.

ఈ పని వేరే ఆసుపత్రిలో చేసేవాళ్లు ముందుగా సర్వర్ గడియారం చూసుకోవాలి. సమయాలను యూటీసీలో దాచే సాఫ్ట్‌వేర్ అయితే మన ఎనిమిది గంటలు అందులో రెండున్నర. అయిదున్నర గంటల తేడాలో ఆ అరగంట వల్ల గంట పెట్టెలు మధ్యకు చీలిపోతాయి. ఎనిమిది గంటల జనంలో సగం ఒక వరుసలోకీ సగం పక్క వరుసలోకీ వెళతారు. పట్టిక చూడటానికి మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వాళ్ల స్కాన్ అండ్ షేర్ వాడే చోట్ల ఇంకో సమయం కూడా ఉంటుంది. పేషెంటు ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకున్న క్షణం వేరు, కౌంటర్‌లో చీటీ అయిన క్షణం వేరు. ఎదురుచూపు దేని నుంచి మొదలుపెట్టారో పట్టిక పైనే రాయాలి.

నివేదిక చూశాక మేడమ్ పదకొండింటికి డాక్టర్ని వేసే ఆలోచన మానుకున్నారు. నలుగురినీ తొమ్మిదికి కూర్చోబెట్టడం కుదరలేదు, వార్డు రౌండ్లు ఆపలేరు. ఇద్దరు తొమ్మిదికి కూర్చుని, వాళ్ల వార్డు రౌండ్లు ఓపీ తర్వాత చేసేలా మార్చారు. నమూనా ప్రకారం అరగంటలో ఇద్దరు పదిమందిని చూస్తారు, అంటే తర్వాత వచ్చే ప్రతి ఒక్కరికీ పదిహేను నిమిషాలు తగ్గాలి. మరుసటి నెల ఎనిమిది, తొమ్మిది గంటల వరుసల్లో తగ్గింది పన్నెండు. రౌండ్లలో అత్యవసరం వచ్చిన రోజుల్లో తొమ్మిదికి కూర్చోలేకపోయారు, మిగతా తేడా అక్కడ పోయింది.

పది గంటల వరుసలో అత్యధికం మాత్రం కదల్లేదు. సగటు తగ్గి అత్యధికం అలాగే ఉందంటే పిలిచే వరుసనే చూడాలి. అటెండర్ని అడిగితే దాచకుండా చెప్పాడు. "రిపోర్టులవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడతారండీ. ఒక్క నిమిషమే, సంతకమే అంటారు. పంపకపోతే గొడవ. వాళ్లను పంపుతూ ఉంటే పది గంటలవాళ్లు అట్టా కూర్చుండిపోతారు." పోస్ట్ లంచ్ రిపోర్టులు చేతికొచ్చే సమయానికి, పది తర్వాత వచ్చినవాళ్ల వంతు రావాల్సిన సమయానికి సరిగ్గా సరిపోయింది. పదకొండున్నర నుంచి ఒక గదిని రిపోర్టులకే కేటాయించారు. తర్వాతి నివేదికలో పది గంటల అత్యధికం 164 నుంచి 128కి దిగింది. దానికి మూల్యం లేకపోలేదు. కొత్త చీటీలు చూసే గదులు మూడే అయ్యేసరికి పదకొండు గంటల సగటు తొమ్మిది నిమిషాలు పెరిగింది. మేడమ్ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసి, అలాగే కొనసాగించమన్నారు.

కౌంటర్ తెరవక ముందు బయట నిలబడే వరుస ఈ లెక్కలో ఇంకా లేదు. పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చేవాళ్లు ఆరున్నరకే గేటు దగ్గర ఉంటారు, వాళ్ల గడియారం మన కంప్యూటర్లో ఎనిమిదికి మొదలవుతుంది. ఇప్పుడు సెక్యూరిటీ గార్డు చేతిరాతతో సమయం వేసిన చిన్న చీటీలు ఇస్తున్నాడు, కౌంటర్‌లో వాటిని తిరిగి తీసుకుంటున్నారు. ఆ సమయాలను సగటులో కలపలేదు. ఎనిమిది గంటల వరుస కింద విడిగా, "గేటు దగ్గర" అనే పేరుతో వస్తున్నాయి.